మూడు కొటేషన్లు, మూడు వేరు వేరు బ్రోచర్లు

మా బావమరిది విజయవాడ ఆటోనగర్‌లో పొలాల్లో మందు కొట్టే స్ప్రేయర్లు తయారుచేస్తాడు. రైతుల మేళాలో పంచడానికీ, డీలర్ల కౌంటర్ల మీద పెట్టడానికీ మూడు మడతల బ్రోచర్ కావాలనుకున్నాడు. ముగ్గురు ప్రెస్సు వాళ్ళకి వాట్సాప్‌లో ఒకే ఒక్క లైను పంపాడు: 'ఏ ఫోర్ ట్రైఫోల్డ్, మల్టీకలర్, మంచి పేపర్, 3,000 కాపీలు, ఎంతవుతుంది?' సాయంత్రానికి జవాబులొచ్చాయి. ఒకరిది 10,500. ఇంకొకరిది 14,800. మూడోవాళ్ళది 19,200.

"చూశావా బావా, మూడోవాడు దాదాపు డబుల్ చెబుతున్నాడు. మొదటివాడికి ఇచ్చేస్తున్నా" అన్నాడు ఫోన్లో.

ఇరవై ఏళ్ళు ప్రెస్సుల్లో పనిచేసినవాణ్ణి కాబట్టి, ఇచ్చేముందు ఆ ముగ్గురినీ ఒక్కో మాట అడగమన్నాను. పేపర్ ఏది, ఎన్ని జిఎస్ఎం, కట్ చేశాక సైజెంత, పైన పూత ఏమిటి, మడత మెషీను మీదా చేత్తోనా, ట్యాక్సు కలిపారా. అడిగితే తేలిందేమిటంటే, ఆ మూడు రేట్లూ ఒకే వస్తువువి కావు. మొదటాయన 115 జిఎస్ఎం గ్లాసీ ఆర్ట్ పేపర్ మీద, పూతేమీ లేకుండా లెక్కేశాడు. మడతపెట్టే కూలి వేరట, ట్యాక్సు వేరట. రెండోవాళ్ళు 170 జిఎస్ఎం మ్యాట్ ఆర్ట్ అనుకున్నారు, మడత కలిపే చెప్పారు. మూడోవాళ్ళయితే 250 జిఎస్ఎం ఆర్ట్ కార్డు, రెండు వైపులా మ్యాట్ లామినేషన్, క్రీజింగ్, చేతి మడత, ట్యాక్సు, షాపు దాకా డెలివరీ అన్నీ కలిపి చెప్పారు. 'మంచి పేపర్' అన్న మాటని ఎవరికి తోచినట్టు వాళ్ళు అర్థం చేసుకున్నారు. వాళ్ళ తప్పేం లేదు. కిలో కందిపప్పు, కిలో జీడిపప్పు రేట్లు పక్కపక్కన పెట్టుకుని ఎవరు చవక అని చూస్తున్నది మావాడే.

ముందు ఈ జిఎస్ఎం సంగతి. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో అదే దాని జిఎస్ఎం. ఇది బరువు లెక్క, మందం లెక్క కాదు. చాలామంది పొరపడేది ఇక్కడే. గ్లాసీ ఆర్ట్ పేపర్ని నునుపు రోలర్ల మధ్య బాగా నొక్కుతారు కాబట్టి అది పల్చగా ఉంటుంది. అదే 130 జిఎస్ఎం మ్యాట్ ఆర్ట్‌లో తీసుకుంటే వేళ్ళకి కాస్త మందంగా తగులుతుంది. పూత లేని మ్యాప్లిథోలో తీసుకుంటే ఇంకా మందం. అందుకే ఒక ప్రెస్సులో 130 గ్లాసీ, ఇంకో ప్రెస్సులో 130 మ్యాట్ పట్టుకు చూసి, మొదటివాడు తక్కువ జిఎస్ఎం వేసి మోసం చేస్తున్నాడని అనుకునేవాళ్ళున్నారు. కొటేషన్లో అంకె ఒక్కటే ఉంటే చాలదు, పక్కన పేపర్ రకం కూడా ఉండాలి.

నిజంగా అనుమానమే ఉంటే తేల్చుకునే దారి కిరాణా కొట్టులోనే ఉంది. ఏ ఫోర్ కాగితం వైశాల్యం చదరపు మీటరులో దాదాపు పదహారో వంతు. అంటే పదహారు ఏ ఫోర్ కాగితాల్ని డిజిటల్ కాటా మీద పెడితే కనిపించే గ్రాములే దాని జిఎస్ఎం. 170 అన్నది 170 దగ్గర చూపించాలి. మిల్లు నుంచి వచ్చేటప్పుడే నాలుగైదు శాతం అటూ ఇటూ ఉంటుంది, వానాకాలంలో తేమ పీల్చుకుని ఇంకాస్త తూగుతుంది. కాబట్టి 165 చూపిస్తే గొడవ పడక్కర్లేదు. 150 చూపిస్తే మాత్రం అడగాలి. అయితే లామినేషన్ చేసిన బ్రోచర్ని ఇలా తూచకూడదు. 25 మైక్రాన్ల ఫిల్మ్ ఒక్కో వైపు ఇరవై గ్రాములకు పైగా బరువు కలుపుతుంది. 130 పేపర్‌కి రెండు వైపులా ఫిల్మ్ వేస్తే కాటా మీద అది 170 లాగే కనిపిస్తుంది, చేతికీ అలాగే అనిపిస్తుంది.

ఇక డబ్బు సంగతికొద్దాం. పేపర్ తగ్గిస్తే రేటు బాగా తగ్గుతుందని మావాడి నమ్మకం. పెన్నూ కాగితం తీసుకుని లెక్కేసి చూపించాను. ఏ ఫోర్ సైజు పనికి ప్రెస్సు వాళ్ళు 25 ఇంటూ 36 అంగుళాల పెద్ద షీటు తీసుకుంటే అందులో ఎనిమిది బ్రోచర్లు వస్తాయి. 3,000 బ్రోచర్లకి 375 షీట్లు. 130 జిఎస్ఎం అయితే ఆ షీట్లన్నీ కలిపి సుమారు 28 కిలోలు, 170 అయితే 37 కిలోలు. మెషీను సెట్టింగులో పాడయ్యే షీట్లు దీనికి అదనం. తేడా తొమ్మిది కిలోలు. కిలో వంద రూపాయలు వేసుకున్నా తొమ్మిది వందలు, బ్రోచర్‌కి ముప్ఫై పైసలు. ఆ ముప్ఫై పైసలకి చేతిలో వాలిపోయే కాగితానికీ, నిటారుగా నిలబడే కాగితానికీ ఉన్నంత తేడా వస్తుంది. అదే 50,000 కాపీలయితే తేడా 145 కిలోలు, పద్నాలుగు వేల పైమాట. అప్పుడు పేపర్ గురించి తల పట్టుకోవడంలో అర్థముంది. తక్కువ కాపీల్లో ఖర్చంతా ప్లేట్లది, మెషీను సెట్టింగుది, ఆ తర్వాత ఒక్కో బ్రోచర్ని చేత్తో ముట్టుకునే పనులది.

సైజులో ఇంకో కిటుకుంది. మన దగ్గర ప్రెస్సుల్లో 23 ఇంటూ 36 షీటు ఎక్కువగా దొరుకుతుంది, అది డబుల్ డెమీ. ఏ ఫోర్ పొడవు 297 మిల్లీమీటర్లు, అంటే పదకొండున్నర అంగుళాల కన్నా కాస్త ఎక్కువ. అవి రెండు పెడితే 23 అంగుళాల్లో పట్టవు. పట్టించాలంటే బ్రోచర్ని పదకొండు అంగుళాలకి కట్ చెయ్యాలి. మొదటాయన చేసింది అదే. షీటు దాదాపు ఎనిమిది శాతం చిన్నది కాబట్టి ఆ మేరకు పేపర్ ఖర్చు తగ్గుతుంది. అది తప్పని నేనను. ఏ ఫోర్ తప్పనిసరి కానివాళ్ళకి అది మంచి ఉపాయమే. కానీ డిజైనర్ 297కి వేసి ఇచ్చిన ఫైలుని చివరి రోజు 279కి కుదించారనుకోండి, మడత గీతలన్నీ పక్కకి జరుగుతాయి. అందుకే 'ఏ ఫోర్' అని రాసి ఊరుకోకుండా, కట్ చేశాక సైజు ఇన్ని మిల్లీమీటర్లు అని రాయించుకోమన్నాను.

పూత విషయంలో మాత్రం మావాడితో పెద్ద వాదనే అయింది. వాడి మనసు మూడోవాళ్ళ మ్యాట్ లామినేషన్ మీద పడింది. ఆ ప్రెస్సు వాళ్ళు చూపించిన శాంపిల్ పట్టు బట్టలా ఉంది మరి. నేను ఒక్కటే అడిగాను: "ఈ బ్రోచర్ ఎవరి చేతికి వెళ్తుందిరా?"

"డీలర్ దగ్గరికి. డీలర్ వెనక పేజీ మీద తన స్టాంపు వేసి, రేటు రాసి రైతుకిస్తాడు."

అదే సమస్య. లామినేషన్ అంటే కాగితం మీద ప్లాస్టిక్ పొర. దాని మీద బాల్ పెన్ను జారుతుంది, రబ్బరు స్టాంపు సిరా ఇంకదు. డీలర్ స్టాంపు కొట్టి ఇచ్చిన బ్రోచర్ని రైతు జేబులో పెట్టుకుంటే, ఆ నీలం సిరా బ్రోచర్ మీద కన్నా చొక్కా మీదే ఎక్కువ ఉంటుంది. పోనీ ఆ ఒక్క వైపు వదిలేసి లోపలి వైపే లామినేషన్ చేయిద్దామంటే ఇంకో చిక్కు. ఒక వైపు ప్లాస్టిక్ ఉండి రెండో వైపు కాగితం ఖాళీగా ఉంటే, ఖాళీ వైపు గాలిలో తేమని పీల్చుకుని సాగుతుంది. ప్లాస్టిక్ ఉన్న వైపు సాగదు. దాంతో కాగితం అప్పడంలా వంకర తిరుగుతుంది. విజయవాడ లాంటి ఉక్కపోత ఊళ్ళో రెండు రోజులు చాలు. మందపాటి కార్డయితే కాస్త ఓర్చుకుంటుంది కానీ 170 లాంటి కాగితం తట్టుకోదు.

అలాగని ఏ పూతా లేకుండా మ్యాట్ ఆర్ట్ వాడదామన్నా కుదరదు. మ్యాట్ పేపర్ పైభాగం సూక్ష్మంగా గరుకుగా ఉంటుంది. దాని మీద ముదురు రంగు దట్టంగా పడితే, కట్టలు కట్టి ఆటోలో తీసుకెళ్ళేటప్పుడు ఒకదానికొకటి రాసుకుని ఎదుటి పేజీకి మరకలంటుతాయి. శాంపిల్ ఇచ్చినప్పుడు ముదురు రంగు ఉన్న చోట తెల్ల జేబురుమాలుతో గట్టిగా పదిసార్లు రుద్ది చూస్తే తెలిసిపోతుంది. మావాడి కంపెనీ రంగు ముదురాకుపచ్చ, అట్ట నిండా అదే. కాబట్టి ఏదో ఒక రక్షణ కావాలి.

మేం చివరికి వార్నిష్ దగ్గర ఆగాం. అదేమీ గొప్ప హంగు కాదు. రంగు లేని సిరా లాంటిదాన్ని మెషీను మీదే ఇంకో పొరగా అచ్చు వేస్తారు. దానికో ప్లేటు కావాలి. ప్లేటు ఎలాగూ చేస్తున్నారు కాబట్టి, వెనక పేజీలో స్టాంపు వేసే గడి మీద మాత్రం వార్నిష్ పడకుండా వదిలెయ్యమని చెప్పొచ్చు. ఆ గడిలో ముదురు రంగు కూడా లేకుండా ఉత్త తెల్ల కాగితం ఉంచాం. మ్యాట్ ఆర్ట్ కూడా సిరాని వెంటనే పీల్చుకోదు, కొన్ని సెకన్లు ఆగాలి. అయినా ప్లాస్టిక్ మీద కన్నా నయం. ఇక స్పాట్ యూవీ, బంగారు రేకు లాంటివి మావాడి నోట వినబడగానే మాట మార్చేశాను. స్ప్రేయర్ బ్రోచర్‌కి అవెందుకు?

ఇప్పుడు మడత. చాలా కొటేషన్లలో ఇది ఒక్క పదంలో తేలిపోతుంది, చాలా బ్రోచర్లు పాడయ్యేది కూడా ఇక్కడే. మూడు భాగాలుగా మడిచేదాంట్లో రెండు రకాలున్నాయి. ఒకటి ఉత్తరం మడిచినట్టు, ఒక రెక్క లోపలికి వెళ్ళి, రెండో రెక్క దాని మీద మూతలా పడేది. రెండోది విసనకర్రలా ఒకటి ఇటు, ఒకటి అటు తిరిగేది. దాన్ని జెడ్ ఫోల్డ్ అంటారు. జెడ్‌లో మూడు భాగాలూ సమానంగా 99 మిల్లీమీటర్లు పెట్టుకోవచ్చు. ఉత్తరం మడతలో అలా కుదరదు. లోపలికి వెళ్ళే రెక్క మిగతా రెండింటికన్నా రెండు మూడు మిల్లీమీటర్లు చిన్నదిగా ఉండాలి. 100, 100, 97 అన్నది మామూలు లెక్క. మూడూ సమానంగా పెడితే లోపలి రెక్క అంచు మడతకి తగిలి ఉబ్బుతుంది, అట్ట సరిగా మూసుకోదు. డిజైనర్లు కంప్యూటర్లో 297ని మూడుతో భాగించేసి ఊరుకోవడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. ఇంకో తిరకాసేమిటంటే, లోపలి వైపు ఆ 97 కుడి చివర వస్తే, వెనక్కి తిప్పినప్పుడు ఎడమ చివర వస్తుంది. రెండు వైపులా ఒకే చోట గీతలు గీసి ఇచ్చిన ఫైళ్ళు కూడా ప్రెస్సుకి వస్తుంటాయి.

ఇక తలుపుల మడతుంది, రెండు రెక్కలూ గుమ్మం తలుపుల్లా మధ్యలో కలిసేది. తెరవగానే ఇళ్ళ వెంచర్ల బ్రోచర్లలో ప్లాను పరుచుకుంటుందే, అది. చూడముచ్చటగా ఉంటుంది కానీ మామూలు మడత మెషీను దాన్ని చెయ్యలేదు, దానికి వేరే అమరిక కావాలి. అది లేని ప్రెస్సులో ఒక్కోటీ చేత్తో మడవాల్సిందే. అప్పుడు రేటు పేపర్ వల్ల కాదు, కూలి వల్ల పెరుగుతుంది, రోజులూ పెరుగుతాయి. మేళా ఎల్లుండనగా తలుపుల మడత అడిగేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది.

మడత దగ్గర కాగితం చిట్లడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఒకసారి నా చేతుల మీదుగానే జరిగింది. చాలా ఏళ్ళ క్రితం ఒక ఎగ్జిబిషన్‌కి 220 జిఎస్ఎం మీద ముదురు మెరూన్ రంగు బ్రోచర్ చేయించాం. టైము లేదని క్రీజింగ్ వదిలేసి నేరుగా మడతపెట్టించాం. ఎగ్జిబిషన్ పొద్దున పెట్టె విప్పితే ప్రతి మడత మీదా పై నుంచి కింద దాకా పల్లు ఊడిన దువ్వెనలా తెల్ల గీత. రంగు పగిలి లోపలి తెల్ల కాగితం బయటపడింది. యజమాని ఒకటి చేతిలోకి తీసుకుని మడత మీద గోరుతో గీశాడు. ఆకుపచ్చ గుడ్డ పరిచిన టేబుల్ మీద మెరూన్ పొడి రాలింది. నన్నేమీ అనలేదు. అంటేనే బాగుండేదనిపించింది.

దానికి కారణాలు రెండు. కాగితంలో నారలుంటాయి, మిల్లులో మెషీను మీద సాగేటప్పుడు అవి ఎక్కువగా ఒకే దిక్కుకి వాలుతాయి. ఆ దిక్కునే ప్రెస్సులో గ్రెయిన్ అంటారు. మడత నారల వెంటే పడితే సాఫీగా పడుతుంది, అడ్డంగా పడితే నారలు విరిగి చిట్లుతుంది. వెదురుబద్దని నిలువునా చీల్చడానికీ, అడ్డంగా విరవడానికీ ఉన్న తేడాయే. గ్రెయిన్ ఎటుందో తెలుసుకోవాలంటే కాగితాన్ని చేత్తో చింపి చూడాలి. ఒక వైపు గీత గీసినట్టు తిన్నగా చిరుగుతుంది, రెండో వైపు అడ్డదిడ్డంగా. తిన్నగా చిరిగిన దిక్కే గ్రెయిన్. అదృష్టవశాత్తూ, 36 అంగుళాల వైపు గ్రెయిన్ ఉన్న 25 ఇంటూ 36 షీటులో ఏ ఫోర్ ట్రైఫోల్డ్‌ని ఎనిమిదేసి పేరిస్తే మడతలు గ్రెయిన్ వెంటే వస్తాయి. షీటు గ్రెయిన్ అడ్డంగా ఉన్నదైతే తిరగబడుతుంది. ఈ ప్రశ్న అడిగితే ప్రెస్సాయన మిమ్మల్ని కాస్త కొత్తగా చూస్తాడు. ఆ తర్వాత జాగ్రత్తగా పనిచేస్తాడు.

రెండో కారణం క్రీజింగ్ లేకపోవడం. మడత పడే చోట మొద్దు అంచున్న ఉక్కు పట్టీతో ముందే గాడి నొక్కుతారు. కాగితం ఆ గాడి వెంట వంగుతుంది, పగలదు. 130 దాకా సాధారణంగా అక్కర్లేదు. 170 దగ్గర మడత మీద ముదురు రంగు ఉంటే చేయించడం మంచిది. 200 దాటితే కొటేషన్లో క్రీజింగ్ అన్న మాట ఉందో లేదో వెతుక్కోవాలి. లేకపోతే ఆ రేటు చవకా కాదు, ఖరీదూ కాదు, సగం పనికి చెప్పిన రేటు.

ఇంతా అయ్యాక మావాడి చేత అరపేజీ కాగితం రాయించాను. సైజు విప్పితే 297 ఇంటూ 210, మడిచాక 100 ఇంటూ 210. ఉత్తరం మడత, 100, 100, 97. 170 జిఎస్ఎం మ్యాట్ ఆర్ట్, గ్రెయిన్ మడత వెంట. రెండు వైపులా నాలుగు రంగులు, వార్నిష్, స్టాంపు గడి ఖాళీ. క్రీజింగ్, మెషీను మడత, వందేసి కట్టలు. 3,000కి రేటు, అదే విడతలో అదనంగా వెయ్యి వేస్తే ఎంత. ట్యాక్సు విడిగా చూపించాలి, డెలివరీ ఆటోనగర్. దాంతోపాటు అదే పేపర్ని అచ్చు లేకుండా అదే సైజుకి కట్ చేసి మడిచిన ఖాళీ డమ్మీ ఒకటి ఇమ్మన్నాం. ఆ డమ్మీకి ఏ ప్రెస్సూ డబ్బులడగలేదు.

కొత్త రేట్లొచ్చాయి. ట్యాక్సు కాకుండా మొదటాయన 15,200, రెండోవాళ్ళు 15,900, డబుల్ చెప్పాడని మావాడు తిట్టుకున్న మూడోవాళ్ళు 14,700. మూడూ పన్నెండు వందల తేడాలో ఉన్నాయి. అసలు తేడా అదనపు వెయ్యి దగ్గర కనిపించింది. మొదటాయన 3,400 అన్నాడు, మూడోవాళ్ళు 2,600 అన్నారు. ప్లేట్లూ సెట్టింగూ ఖర్చు అప్పటికే వచ్చేసింది కాబట్టి అదనపు వెయ్యికి మిగిలేది పేపర్, సిరా, మెషీను తిరిగే టైము, మడత కూలి మాత్రమే. 5,000 చేయిస్తే ఒకరి దగ్గర 22,000, ఇంకొకరి దగ్గర 19,900. మావాడు మూడోవాళ్ళకిచ్చి 5,000 వేయించాడు.

కట్టలొచ్చిన రోజు పక్కన కిరాణా కొట్లో పదహారు విప్పి కాటా మీద పెట్టాం, 172 చూపించింది. జేబురుమాలు తెల్లగానే ఉంది. అట్ట తిన్నగా మూసుకుంది, మడత మీద గోరుతో గీసినా ఏమీ రాలలేదు. మర్నాడు తెనాలి డీలర్ దగ్గరికి మొదటి కట్ట పట్టుకెళ్ళాడు మావాడు. మధ్యాహ్నం ఫోన్ చేశాడు.

"సిరా బాగానే పట్టింది బావా. కానీ ఆయన స్టాంపు మనం వదిలిన గడికన్నా పెద్దది."